ఆరడుగుల మనిషి, మూడొందల అక్షరాలు

అక్క: నీ బయో పైకి చదువుతాను, విను. "సింపుల్ గయ్, బిగ్ డ్రీమ్స్. ట్రావెల్, ఫుడ్, మూవీస్, మ్యూజిక్. వర్క్ హార్డ్, పార్టీ హార్డర్. ప్రొడక్ట్ కంపెనీలో లీడ్. ఆరడుగులు. జిమ్ ఫ్రీక్. నో డ్రామా ప్లీజ్. మిగతాది అడిగి తెలుసుకో." ఇందులో నువ్వెక్కడున్నావురా? నిన్ను చిన్నప్పట్నుంచి చూస్తున్నదాన్ని, నాకే కనపడలేదు. వేలితో పక్కకి నెట్టేస్తూ పోయే అమ్మాయికి ఎలా కనపడతావు?

తమ్ముడు: కనపడాల్సింది ఫోటోల్లో అక్కా. బయోలో తప్పు లేకపోతే చాలు. ట్రావెల్ ఇష్టమంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు, సినిమాలంటే ఉండదు, తిండంటే అసలే ఉండదు. ఎవరినీ దూరం చేయని మాటలు ఏరి ఏరి పెట్టాను. నువ్వు దాన్ని బద్ధకం అనుకుంటున్నావు గానీ నేను ఆలోచించే రాశాను.

అక్క: ఆలోచించావు, కాదనను. అయితే ఒక పరీక్ష పెట్టి చూడు. నీ బయోలో ఒక్కో వాక్యాన్ని తీసి నీ రూమ్మేట్ బయోలో పెట్టు. అక్కడా అంతే చక్కగా అతికిందంటే అది నీ గురించి చెప్పిన వాక్యం కాదు. "ట్రావెల్, ఫుడ్, మూవీస్" ఎవరి బయోలోనైనా అతుకుతుంది. "వర్క్ హార్డ్, పార్టీ హార్డర్" సరేసరి. లీడ్, ఆరడుగులు అన్నవి మాత్రమే మిగిలాయి. వాటి సంగతి తర్వాత మాట్లాడదాం. బంబుల్‌లో బయోకి ఇచ్చేది మూడొందల అక్షరాలు, టిండర్‌లో ఐదొందలు. హింజ్‌లో ఒక్కో ప్రశ్నకి నూటయాభై. ఉన్న ఆ కాస్త చోటునీ ఎవరివో తెలియని మాటలకి ఇచ్చేశావు.

తమ్ముడు: నువ్వు వద్దంటున్న ఆ అస్పష్టతకి ఒక బలం ఉంది. మైకేల్ నార్టన్, జీనా ఫ్రాస్ట్, డాన్ ఏరియలీ 2007లో ఒక పరిశోధన ప్రచురించారు. ఎదుటి మనిషి గురించి ఎంత ఎక్కువ తెలిస్తే అంత ఇష్టపడతామని అందరం అనుకుంటాం. వాళ్లకి తేలింది వేరు. లక్షణాలు ఎక్కువ చెప్పేకొద్దీ సగటున ఇష్టం తగ్గింది. తక్కువ తెలిసినప్పుడు ఆ ఖాళీని మనకి నచ్చినట్టు పూరించుకుంటాం. ఎక్కువ తెలిస్తే ఎక్కడో ఒకచోట "ఇతను నాలాంటివాడు కాదు" అనిపించేది తగులుతుంది. ఒకసారి తగిలాక, ఆ తర్వాత తెలిసేవన్నీ కూడా తేడాలుగానే కనిపిస్తాయి. డేటింగ్ సైట్లు వాడినవాళ్లలో, ముఖాముఖి కలిశాక ఇష్టం పడిపోయిందని కూడా రాశారు. మరి నన్ను నేను వివరంగా రాసుకుని ఆ తేడాని మొదటి నిమిషంలోనే ఎందుకు చూపించాలి?

అక్క: ఇప్పటిదాకా నువ్వు చెప్పినవాటిలో బలమైన వాదన ఇదే. అందులో నిజముందని ఒప్పుకుంటాను. కానీ ఆ ప్రయోగాల్లో జనం చదివింది లక్షణాల జాబితాలు. 2011లో హ్యారీ రీస్ బృందం ఇదే ప్రశ్నని జాబితాలతో కాకుండా మనుషుల మధ్య నిజమైన సంభాషణలతో పరీక్షించింది. అక్కడ మాట్లాడుకున్నకొద్దీ ఇష్టం పెరిగింది. నువ్వు పెట్టింది జాబితా, నేను రాయమంటున్నది మాట కలపడానికి పనికొచ్చే వాక్యం. అంత తేడా ఉంది. "ట్రావెల్ ఇష్టం" అని చదివినావిడ తిరిగి ఏమడుగుతుంది? "ఓ, నాకూ ఇష్టమే" అంటుంది. అక్కడితో అయిపోతుంది.

తమ్ముడు: సరే, ఆ వాక్యాలు ఎలా వస్తాయో చూపించు. వాదన తర్వాత.

అక్క: నీ బయోలో ప్రతి మాట పక్కనా "ఆఖరిసారి ఎప్పుడు?" అని వేసుకో. ట్రావెల్ ఆఖరిసారి ఎప్పుడు?

తమ్ముడు: డిసెంబర్‌లో అరకు వెళ్లాను. విశాఖలో కిరండోల్ ప్యాసింజర్ ఎక్కి. కిటికీ సీటు నాదే, కానీ పక్కనాయన మనవరాలు సొరంగాలు చూస్తానని అడిగింది, ఇచ్చేశాను. దిగేదాకా ఆ పిల్ల ప్రతి సొరంగం దగ్గరా అరుస్తూనే ఉంది.

అక్క: పార్టీ?

తమ్ముడు: ఆఫీసు యాన్యువల్ డే. తొమ్మిదికల్లా ఇంట్లో ఉన్నాను.

అక్క: అది కొట్టెయ్. జిమ్?

తమ్ముడు: మానేసి చాలాకాలమైంది. ఈత నేర్చుకుంటున్నాను. ఇరవై ఏడేళ్లకి మొదలుపెట్టాను. ఇప్పటికి ఈ చివర నుంచి ఆ చివరకి ఆగకుండా వెళ్లగలను, తిరిగి రావాలంటే ఆయాసం తీర్చుకోవాలి.

అక్క: ఫుడ్?

తమ్ముడు: ఏ ఊరెళ్లినా ముందు అక్కడి వాళ్లు తినే టిఫిన్ సెంటర్ ఎక్కడో కనుక్కుంటాను. వంటంటావా, ములక్కాడ పప్పుచారు అమ్మ పెట్టినట్టే పెడతాను. దోశ ఇప్పటికీ గుండ్రంగా రాదు.

అక్క: "నో డ్రామా ప్లీజ్" ఎందుకు పెట్టావో నాకు తెలుసు. కిందటేడు జరిగినదాని వల్ల. చదివేవాళ్లకి ఆ కథ తెలియదు కదా. వాళ్లకి అర్థమయ్యేది ఒక్కటే, ఇతనికి ఎవరితోనో గొడవైంది, ఆ కోపం ఇంకా తీరలేదు అని. ఏం వద్దో చెప్పే వాక్యం నీ గురించి కాకుండా, వెళ్లిపోయిన మనిషి గురించి చెబుతుంది. అదీ తీసెయ్. ఇప్పుడు నువ్వు చెప్పినవాటినే వరసగా పెడుతున్నాను. "ఏ ఊరెళ్లినా ముందు అక్కడి టిఫిన్ సెంటర్ వెతుకుతాను. అరకు రైల్లో నా కిటికీ సీటుని ఒక చిన్న పాపకి ఇచ్చాను, సొరంగాల్లో ఆమె అరుపులకి నేనూ గొంతు కలిపాను. ములక్కాడ పప్పుచారు బాగా పెడతాను, దోశ గుండ్రంగా రాదు. ఇరవై ఏడులో ఈత మొదలుపెట్టాను. మీ ఊళ్లో మంచి టిఫిన్ ఎక్కడ?"

తమ్ముడు: నేను గొంతు కలపలేదక్కా. ఆ పిల్ల ఒక్కతే అరిచింది.

అక్క: అయితే అది తీసేద్దాం. "సొరంగం వచ్చినప్పుడల్లా ఆమె అరిచింది" అని ఉంచుదాం. జరిగినది జరిగినట్టు రాసినా వాక్యం పడిపోలేదు చూడు.

తమ్ముడు: నువ్వే కల్పించబోయావు, అది గమనించావా? అందుకే ఈ పద్ధతి మీద నాకు అనుమానం. "దోశ గుండ్రంగా రాదు" అన్నది నిజమే. కానీ నాకు రానివి చాలా ఉన్నాయి. కోపమొస్తే రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడను. డబ్బు విషయంలో లెక్క ఉండదు. వాటిని వదిలేసి దోశనే ఎందుకు తీసుకున్నావు? అది ముద్దుగా ఉంటుంది కాబట్టి. నా పాత బయో గొప్పలు చెప్పుకుందంటావు. కొత్తది వినయాన్ని చూపించి అదే పని చేస్తోంది. పాతదానిలో చదివేవాళ్లకి "ఇది ప్రచారం" అని తెలుస్తుంది, తగ్గించుకుని చదువుతారు. కొత్తదాన్ని నమ్మేస్తారు. ఎక్కువ మోసం ఎందులో ఉంది?

అక్క: ఈ ప్రశ్నకి నా దగ్గర సగం జవాబే ఉంది. ఎంచుకోవడం జరుగుతుంది. మూడొందల అక్షరాల్లో ఎంచుకోకుండా ఎవరూ రాయలేరు. ఎంచుకున్నది నిజమా కాదా అన్నది ఒక ప్రశ్న, దాన్ని మొదటి కలయికలో పరీక్షించగలరా అన్నది ఇంకో ప్రశ్న. పప్పుచారు సంగతి ఆవిడ అడిగితే ఇంగువ ఎప్పుడు వేస్తావో, ములక్కాడ విడిగా ఉడికిస్తావో లేదో చెప్పగలవు. "బిగ్ డ్రీమ్స్" సంగతి అడిగితే ఏం చెబుతావు? అసలైన వివరానికి వెనక ఇంకో పది వివరాలుంటాయి, అడిగినకొద్దీ వస్తాయి. కోపం సంగతి బయోలో రాయమని నేననను. పరిచయం లేని మనిషికి అది సమాచారంగా కాకుండా బెదిరింపుగా వినపడుతుంది. అయితే నువ్వన్న ప్రమాదం ఉంది. ముద్దుగా ఉండే లోపం ఒకటి చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం ఇప్పుడు అందరికీ అలవాటైపోయింది. దోశ వాక్యం తీసేయమంటే తీసేస్తాను.

తమ్ముడు: ఉండనీ. ఇప్పుడు ఆరడుగుల సంగతికి రా. నా ఎత్తు ఐదు పది. రెండంగుళాలు కలిపాను. నువ్వు తప్పంటావు. కానీ ఇక్కడ అందరూ కలుపుతారు, చదివేవాళ్లకీ ఆ సంగతి తెలుసు, మనసులో రెండంగుళాలు తీసేసే చదువుతారు. ఐదు పది అని నిజం రాస్తే నన్ను ఐదు ఎనిమిది అనుకుంటారు. పైగా కొన్ని యాప్‌లలో ఎత్తుని బట్టి వడపోయొచ్చు. ఆరడుగుల దగ్గర గీత గీసిన అమ్మాయికి నా పప్పుచారు, నా సొరంగం ఏవీ కనపడవు. అసలు చూపించరు. నిజం చెప్పినందుకు నేను కోత భరించాలా?

అక్క: దీనికీ లెక్కలున్నాయి. క్యాటలినా టోమా, జెఫ్రీ హాన్‌కాక్, నికోల్ ఎలిసన్ న్యూయార్క్‌లో ఎనభై మందిని పిలిచి, ప్రొఫైల్‌లో రాసుకున్న ఎత్తుని టేపు పెట్టి కొలిచారు, బరువుని తూచారు, వయసుని లైసెన్సుతో సరిచూశారు. 2008లో ప్రచురించారు. ఈ మూడింటిలో ఏదో ఒకదాని గురించి అబద్ధం చెప్పినవాళ్లు 81 శాతం. అందరూ కలుపుతారన్న నీ మాటకి ఇది బలమే. కానీ అందులోనే ఇంకో సంగతుంది. చాలామంది కలిపింది కొద్దిగానే, ఎదురుపడితే కంటికి తెలియనంత. ఎందుకంటే కలవబోతున్నామని వాళ్లకి తెలుసు. నీ రెండంగుళాలు ఆ హద్దు మీద ఉన్నాయి. ఆవిడ ఐదు తొమ్మిది అయితే, ఎత్తు మడమల చెప్పులు వేసుకుని వస్తే, కుర్చీలోంచి లేవగానే తెలిసిపోతుంది. అక్కణ్ణుంచి పప్పుచారు కూడా అనుమానంలో పడుతుంది.

తమ్ముడు: ఆవిడ నన్ను కలవడానికి వచ్చిందంటే వడపోత దాటాను కదా. నిజం రాస్తే ఆ కుర్చీ దాకా కూడా రాను.

అక్క: వడపోత సంగతిలో నువ్వన్నది నిజం. నేను కూడా ఒకప్పుడు ఎత్తు దగ్గర గీత పెట్టాను. ఎందుకు పెట్టానో ఇప్పుడు చెప్పలేను. ఆ గీత అన్యాయమైనదే, దాన్ని నిజంతో దాటలేం. అయినా ఎత్తుని బయోలో మళ్లీ రాయకు. దానికి వేరే గడి ఉంది, ఉద్యోగానికీ ఉంది. గడిలో ఏం రాస్తావో నీ ఇష్టం, నా సలహా ఐదు పది అనే. బయోలో మాత్రం గడిలో పట్టనిది రాయాలి. "లీడ్" తీసెయ్. నీ కింద ఇద్దరు పిల్లలున్నారు, వాళ్లకి పని నేర్పిస్తున్నావు. ఆ సంగతి కావాలంటే అలాగే రాయి.

తమ్ముడు: ఉద్యోగం, జీతం చెప్పడాన్ని నువ్వు గొప్పలంటున్నావు. మనింట్లో ఎన్ని బయోడేటాలు చూశాం? గోత్రం, నక్షత్రం, ఎత్తు, ప్యాకేజీ, సొంతిల్లు, అన్నదమ్ములెందరు. అక్కడ అదంతా గొప్ప కాదు, నిక్కచ్చి సమాచారం. నిజాయితీ, స్పష్టత అని నువ్వడుగుతున్నవి అందులో పుష్కలంగా ఉన్నాయి. ప్యాకేజీ అబద్ధం చెబితే సంబంధం తప్పిపోతుంది. ఒక్కోసారి అదే నయమనిపిస్తుంది, నిజం చెప్పాలంటే. దోశ గురించి ఎవరూ అడగరు.

అక్క: బయోడేటా చదివేది పెద్దవాళ్లు. వాళ్లు తేల్చుకోవాల్సింది పిల్ల అక్కడ బతకగలదా అని. దానికి ప్యాకేజీ కావాలి, ఇల్లు కావాలి. నేను ఆ కాగితాన్ని చిన్నచూపు చూడను. యాప్‌లో చదివేది ఆ అమ్మాయి ఒక్కతే. ఆవిడ తేల్చుకోవాల్సింది ఈ మనిషికి ఒక మెసేజ్ పెట్టనా అని. ఆ నిర్ణయానికి ప్యాకేజీ పనికిరాదు. జీతం చూసి మెసేజ్ పెట్టినావిడ జీతం గురించే మాట్లాడుతుంది. ఒక్క విషయంలో మాత్రం బయోడేటా దగ్గర నేర్చుకోవాలి. అది ఎందుకొచ్చిందో దాచదు. పెళ్లి ఉద్దేశంతో ఉన్నవాళ్లు యాప్‌లో కూడా ఆ మాట సూటిగా చెప్పాలి. "చూద్దాం, ఎటు పోతుందో" అని రాసేవాళ్లలో చాలామందికి ఎటు పోవాలో తెలుసు.

తమ్ముడు: సరే, ఇప్పుడు నీ బయో సంగతి. నేను చూశాను. అందులో ఊరి పేరు లేదు, కాలేజీ పేరు లేదు, చేసే పని లేదు. నన్ను మాత్రం వివరంగా రాయమంటున్నావు.

అక్క: ఆడదాన్ని కాబట్టి లేదు. వెళ్లే జిమ్ రాస్తే జిమ్ బయట నిలబడేవాళ్లుంటారు. కాలనీ పేరు, ఆఫీసు పేరు, ఫలానా పార్కులో పొద్దున ఆరింటికి నడుస్తానని రాయడం, ఏ రెండు కలిసినా మనిషిని పట్టుకోవచ్చు. స్క్రీన్‌షాట్ మన వాళ్ల గ్రూపుల్లోకి వెళ్లడానికి గంట పట్టదు. మగవాళ్లకి కూడా ఇది వర్తిస్తుంది గానీ భయం ఒకేలా ఉండదు. అందుకే చోటు, వేళ కలిపి రాయను. కానీ నా బయో అస్పష్టంగా లేదురా. మళ్లీ చదువు. "ఇంట్లో మిక్సీ పాడైతే ముందు నేనే విప్పుతాను. సగంసార్లు బాగవుతుంది. మిగతా సగం మెకానిక్ తిడతాడు." ఇందులో నేనెక్కడుంటానో లేదు, ఎలాంటిదాన్నో ఉంది. అలవాటు రాయాలి, చిరునామా రాయకూడదు.

తమ్ముడు: అది ఒప్పుకుంటాను. మంచి గీతే. అయినా నాకు ఇంకో భేదం కనిపిస్తోంది. నీకు రోజుకి ఇన్ని లైకులు వస్తాయి, అందులోంచి ఏరుకోవడం నీ సమస్య. మన దగ్గర యాప్‌లలో మగవాళ్లే ఎక్కువ. నాకు వారానికి ఒకటొస్తే గొప్ప. "నచ్చనివాళ్లు పోతే పోనీ, నచ్చినవాళ్లు మిగులుతారు" అన్న సలహా నీలాంటివాళ్లకి పనికొస్తుంది. నా లెక్కలో పోయేవాళ్లు పోతే మిగిలేది సున్నా కావచ్చు.

అక్క: దాన్ని కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు. సొంత గొంతుతో రాస్తే లైకులు పెరుగుతాయని నీకు మాటివ్వలేను. వచ్చిన ఒక్క మ్యాచ్‌లో సంభాషణ "హాయ్, తిన్నావా" దగ్గర ఆగిపోకుండా ఉండే అవకాశం ఎక్కువని మాత్రం చెప్పగలను. నీ పాత బయోకి వచ్చిన మ్యాచ్‌లు ఎన్నో రోజు దాకా మాట్లాడాయి?

తమ్ముడు: రెండో రోజు దాకా. అయితే ఆఖరిగా నాదొక ప్రశ్న. పప్పుచారు, ఈత, అరకు, అన్నీ నిజాలే, తేలికగానూ ఉన్నాయి. నా గురించి అన్నిటికన్నా పెద్ద నిజం ఇందులో లేదు. రెండేళ్లలో నేను ఖమ్మం వెళ్లిపోతాను. నాన్న మోకాళ్లు పోయాయి, కొట్టు ఎవరో ఒకరు చూసుకోవాలి. నన్ను చేసుకోబోయే మనిషికి దోశ ఆకారం కంటే ఇది ముఖ్యం. చిన్నవాటిలో నన్ను నిజాయితీపరుణ్ణి చేసి పెద్దదాన్ని దాచమంటావా?

అక్క: బాబాయ్ మోకాళ్ల సంగతి తెలుసు. నువ్వు నిశ్చయించుకున్నావని తెలియదు. మొదట అనుకున్నది చెబుతున్నాను, అది బయోలోకి రాకూడదు, రెండో మూడో సంభాషణలో రావాలి. కానీ అలా అంటే, నచ్చాక చెబుదామని నేనే అన్నట్టవుతుంది. నీ అస్పష్టతని ఇంతసేపు తప్పుబట్టి, ఇప్పుడు దాన్నే సమర్థించినట్టవుతుంది. ఒక వాక్యం పెట్టొచ్చేమో. "రెండేళ్లలో ఖమ్మం తిరిగి వెళ్లాలని ఉంది, అక్కడి టిఫిన్లు చూపించే పూచీ నాది."

తమ్ముడు: దీన్ని కూడా తేలిక చేసేశావు. నాన్న మంచం పట్టకముందే వెళ్లాలన్నది టిఫిన్ల పక్కన పడేసే మాటేనా? అలా చదివిన అమ్మాయి నాకేదో సరదా అనుకుంటుంది. ఉన్నదున్నట్టు రాస్తే బరువైపోతుంది, హైదరాబాద్ వదలననే ప్రతి ఒక్కరూ అక్కడే ఆగిపోతారు. నిజాయితీగా ఉండాలి, తేలికగా ఉండాలి అని రెండూ కలిపి అడుగుతున్నావు. ఈ ఒక్క వాక్యంలో ఆ రెండూ కలవడం లేదు.

అక్క: కలవడం లేదు, నిజమే. అలాంటప్పుడు నేనైతే తేలికదనాన్ని వదులుకుంటాను. "అమ్మానాన్నల కోసం రెండేళ్లలో ఖమ్మం వెళ్తాను" అని, ఏ అలంకారం లేకుండా, ఆఖరి ప్రశ్నకి ముందు. ఆగిపోయేవాళ్లు ఆరు నెలల తర్వాత ఆగడం కన్నా ఇప్పుడే ఆగడం మంచిది. వాళ్లకి కూడా.

తమ్ముడు: వాళ్లకి మంచిదే. నాకు మంచిదో కాదో తెలియడం లేదు. ఆరు నెలలు నాతో తిరిగిన మనిషి ఖమ్మం వస్తానని అనొచ్చు. మొదటి నిమిషంలో చదివినావిడ అనదు. ఆ అవకాశాన్ని నా చేత్తో నేనే కొట్టేసుకోవాలా?

అక్క: ఆ ఆరు నెలలూ ఆవిడ తన జీవితాన్ని ఇక్కడే ఊహించుకుంటూ ఉంటుంది కదరా.

తమ్ముడు: ఊహించుకుంటుంది. అందుకే ఆ వాక్యం తీసెయ్యమని నీతో అనలేకపోతున్నాను, పెట్టమనీ అనలేకపోతున్నాను. మిగతాది నువ్వు రాసినట్టే మారుస్తాను. ఎత్తు కూడా ఐదు పది పెడతాను.

అక్క: పెట్టు. ఖమ్మం సంగతి బయోలో లేకపోతే, మొదటిసారి కలిసిన రోజే చెప్పాలి. అంతకన్నా వెనక్కి నేను ఒప్పుకోను.

తమ్ముడు: మూడోసారి.